చిన్నది చేసి, చిన్నబుచ్చి: జర్మన్‌లో ‘శెన్’, ‘లైన్’ సంగతులు

సవతి తల్లి పగకు భయపడి అడవిలోకి పారిపోయిన పిల్ల, ఏడుగురు మరుగుజ్జులు ఉండే ఇంట్లోకి అడుగు పెడుతుంది. మనకు స్నోవైట్‌గా తెలిసిన ఈ కథను గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేశారు. ఇంట్లో ఎవరూ లేరు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. పళ్లాలు, చెంచాలు, కత్తులు, ఫోర్కులు, తాగే కప్పులు ఏడేసి చొప్పున సర్ది ఉన్నాయి. గోడవారన ఏడు పక్కలు. తెలుగులో చెప్పేవాళ్లు ‘చిట్టి పళ్లెం’, ‘బుల్లి చెంచా’ అంటూ ప్రతి వస్తువుకీ ముందు ఒక మాట తగిలించాలి. జర్మన్‌లో ఆ పని వెనక జరుగుతుంది. బల్ల ‘టిష్‌లైన్’, పళ్లెం ‘టెల్లర్‌లైన్’, కత్తి ‘మెస్సర్‌లైన్’, ఫోర్కు ‘గేబ్‌లైన్’, కప్పు ‘బెశర్‌లైన్’, పక్క ‘బెట్‌లైన్’. ప్రతిదానికీ ‘లైన్’ అనే బుల్లి తోక.

వస్తువులు చిన్నవైపోవడం వరకు సులభంగానే అర్థమవుతుంది. ఆ బల్ల మీద ఇంకొకటి కూడా జరిగింది. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. పుంలింగమైతే ముందు ‘డేర్’, స్త్రీలింగమైతే ‘డీ’, నపుంసకలింగమైతే ‘డాస్’ అనే మాట చేర్చాలి. వస్తువు స్వభావానికీ లింగానికీ పొంతన ఉండాలన్న నియమం లేదు. భోజనం బల్ల మీదే మూడు లింగాలూ కొలువుదీరి ఉంటాయి: చెంచా పుంలింగం (డేర్ లొఫెల్), ఫోర్కు స్త్రీలింగం (డీ గాబెల్), కత్తి నపుంసకం (డాస్ మెస్సర్). జర్మన్ పంతుళ్లు మొదటి వారంలోనే ఈ మూడింటినీ చూపించి విద్యార్థులను బెదరగొడతారు. అయితే మరుగుజ్జుల బల్ల దగ్గర బెదరాల్సిన పని లేదు. అక్కడ ఫోర్కు స్త్రీ కాదు, చెంచా పురుషుడు కాదు. లైన్ తగలగానే అన్నీ ‘డాస్’ అయిపోయాయి.

జర్మన్‌లో ఇలా చిన్నతనం తెచ్చే ప్రత్యయాలు ముఖ్యంగా రెండు. ఒకటి ఈ ‘లైన్’. రెండోది ‘శెన్’. దీని మొదటి హల్లును తెలుగు అక్షరాల్లో పట్టుకోవడం కాస్త కష్టం. నాలుక మధ్యభాగాన్ని అంగిలికి దగ్గరగా లేపి, గాలిని మెత్తగా వదిలితే వచ్చే ధ్వని అది. మన తాలవ్య ‘శ’ను కచ్చితంగా పలికేవాళ్లు దానికి చాలా దగ్గరికి వస్తారు. కుక్క ‘హుంట్’, కుక్కపిల్ల లాంటి బుజ్జికుక్క ‘హ్యుంట్‌శెన్’. పిల్లి ‘కట్సె’, బుజ్జిపిల్లి ‘కెట్స్‌శెన్’. ఇల్లు ‘హౌస్’, చిన్న ఇల్లు ‘హొయ్స్‌శెన్’. కుక్క డేర్, పిల్లి డీ, ఇల్లు డాస్. ప్రత్యయం చేరాక మూడూ డాస్. జర్మన్ లింగ నియమాలకు మినహాయింపులు కోకొల్లలు. ఈ నియమం మాత్రం ప్రామాణిక భాషలో వస్తువులకూ జంతువులకూ ఇంచుమించు రాతి మీద గీతే.

ఎందుకిలా? జర్మన్ సమాసాల్లో, ప్రత్యయాలతో పుట్టిన మాటల్లో పెత్తనం చివరి భాగానిది. ముందు ఏ మాట ఉన్నా లింగాన్ని నిర్ణయించేది తోకే. ‘ఉంగ్’తో ముగిసే భావనామాలు స్త్రీలింగం అయ్యేదీ ఇందుకే. శెన్, లైన్ అనేవి పాత జర్మానిక్ భాషల కాలం నుంచీ నపుంసక పదాలను పుట్టించే ప్రత్యయాలు. పిల్లలు, కూనలు, ఇంకా పూర్తిగా ఎదగనివన్నీ ఆ భాషల్లో ఎక్కువగా నపుంసకంలోనే ఉండేవి. ఈనాటికీ జర్మన్‌లో బిడ్డ ‘డాస్ కింట్’, దూడ ‘డాస్ కాల్ప్’, గొర్రెపిల్ల ‘డాస్ లామ్’.

మాట మధ్యలో అచ్చు మారడాన్ని కూడా గమనించాలి. హుంట్ హ్యుంట్ అయింది, హౌస్ హొయ్స్ అయింది. ఈ ప్రత్యయాల పాత రూపాల్లో దీర్ఘమైన ‘ఈ’ ధ్వని ఉండేది. రాబోయే ఆ ‘ఈ’ కోసం నాలుక ముందే సిద్ధపడడంతో అంతకుముందున్న అచ్చు కూడా నోటి ముందుభాగానికి జరిగింది. తెలుగువాళ్లకు ఇది వింతేమీ కాదు. ‘కత్తి’కి ‘లు’ చేరితే ‘కత్తులు’ అవుతుంది కదా. వెనక వచ్చే అచ్చు ముందున్న అచ్చును తనవైపు లాక్కోవడం రెండు భాషల్లోనూ ఉంది.

ఒకే పనికి రెండు ప్రత్యయాలు ఎందుకంటే భూగోళం వైపు చూడాలి. శెన్ ఉత్తర, మధ్య జర్మనీ నుంచి వచ్చింది. లైన్ దక్షిణాదిది. దక్షిణాదిలో ఇప్పటికీ దాని తోబుట్టువులు ఊరూరా వినిపిస్తాయి. ష్వాబియా ప్రాంతంలో ‘లె’, స్విట్జర్లాండ్‌లో ‘లి’, బవేరియా, ఆస్ట్రియాల్లో ‘ల్’ లేదా ‘ఎర్ల్’. అమ్మాయిని ష్వాబియన్లు ‘మేడ్‌లె’ అంటారు. మార్టిన్ లూథర్ 1534లో పూర్తి బైబిలు అనువాదం వెలువరించే నాటికి రాతభాషలో లైన్‌దే పైచేయి. తర్వాతి రెండు శతాబ్దాల్లో శెన్ దాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఇప్పుడు మాటల్లోనూ పత్రికల్లోనూ శెన్‌దే రాజ్యం.

లైన్‌కు మిగిలినవి రెండు చోట్లు. మొదటిది నోటి సౌకర్యం. మాట చివర ‘ఖ్’, ‘శ్’, ‘గ్’ లాంటి ధ్వని ఉంటే దాని మీద మళ్లీ శెన్ పలకడం ఇబ్బంది. పుస్తకం ‘బూఖ్’, చిన్న పుస్తకం ‘బ్యూశ్‌లైన్’. వాగు ‘బాఖ్’, చిన్న వాగు ‘బెశ్‌లైన్’. రెండోది పాతకాలపు వాతావరణం. కథలు, జోలపాటలు, క్రిస్మస్ పాటలు, చర్చి భాష. ష్నేవిట్‌శెన్ కథలో రాణి తన అద్దాన్ని ‘ష్పీగ్‌లైన్’ అని పిలిచినప్పుడు ఆ అద్దం చిన్నదని కాదు, మనం కథాలోకంలో ఉన్నామని తెలుస్తుంది. ఇవాళ ఫర్నిచర్ దుకాణానికి వెళ్లి చిన్న బల్ల కావాలంటే ‘టిష్‌శెన్’ అని అడగాలి. ‘టిష్‌లైన్’ అంటే దుకాణదారు నవ్వుతాడు, మరుగుజ్జులెవరైనా భోజనానికి వస్తున్నారా అన్నట్టు. రాజకీయాల్లో మాత్రం ఒక లైన్ ఇప్పటికీ తాజాగా ఉంది. ఎన్నికల్లో ఎవరికీ ఆధిక్యం రానప్పుడు, ఎటు మొగ్గితే అటు ప్రభుత్వం ఏర్పడేలా ఉన్న చిన్న పార్టీని త్రాసు మీది ‘త్స్యుంగ్‌లైన్’ అంటారు. అంటే త్రాసు మధ్యనుండే ముల్లు. మాట అర్థం మాత్రం చిన్న నాలుక.

ఇంతవరకు వస్తువులు. చిక్కంతా మనుషుల దగ్గర మొదలవుతుంది.

జర్మన్‌లో అమ్మాయిని ‘మేట్‌శెన్’ అంటారు. వేరే మాట వెతుక్కోనక్కర్లేనంత సాధారణమైన పదం. దీని మూలం ‘మాక్ట్’. ఒకప్పుడు పెళ్లికాని పిల్ల అని అర్థం, తర్వాత పనిమనిషి అనే అర్థానికి జారింది. అది స్త్రీలింగం, డీ మాక్ట్. దానికి శెన్ చేరి, పలకడంలో అరిగి మేట్‌శెన్ అయింది. నియమం ప్రకారం డాస్ మేట్‌శెన్. అంటే వ్యాకరణం లెక్కన అమ్మాయి నపుంసకం. అమెరికన్ హాస్య రచయిత మార్క్ ట్వేన్ 1880లో ‘ఎ ట్రాంప్ అబ్రాడ్’ పుస్తకానికి అనుబంధంగా జర్మన్ భాష మీద ఒక వ్యాసం రాశాడు. జర్మన్‌లో పడుచుపిల్లకు లింగం లేదుగానీ ముల్లంగి లాంటి దుంపకు ఉందని అందులో వెక్కిరించాడు. నిజమే, ఆ దుంప స్త్రీలింగమే.

ట్వేన్ నవ్వినంతగా తెలుగువాడు నవ్వలేడు. మన క్రియలకూ ఇలాంటి అలవాటే ఉంది. ‘పిల్లాడు వచ్చాడు’, ‘పిల్ల వచ్చింది’, ‘కుక్క వచ్చింది’. ఏకవచనంలో అమ్మాయికీ కుక్కకీ ఒకే క్రియారూపం. మన వ్యాకర్తలు దీన్ని మహత్తు, అమహత్తు అని విడదీసి పద్ధతిగా పెట్టారు. బహువచనానికి వచ్చేసరికి ‘అమ్మాయిలు వచ్చారు’, ‘కుక్కలు వచ్చాయి’ అని తెలుగు స్త్రీలను మళ్లీ మనుషుల్లో కలుపుతుంది. జర్మన్ తేడా ఏమిటంటే, అక్కడ స్త్రీలకు వేరే లింగం పుష్కలంగా ఉంది. స్త్రీ డీ ఫ్రౌ, తల్లి డీ ముట్టర్, కూతురు డీ టొఖ్టర్. వీళ్లెవరూ నపుంసకం కాదు. నపుంసకం చేసింది తోక.

అలాగని మేట్‌శెన్ గురించి మాట్లాడుతూ ఎంతసేపని ‘అది’ అనగలరు? ఇక్కడ జర్మన్లు వ్యాకరణానికీ కళ్లెదుట ఉన్న మనిషికీ మధ్య రాజీ చేసుకుంటారు. ఒక వాక్యం చూడండి: ‘డాస్ మేట్‌శెన్, డాస్ డోర్ట్ ష్టేట్, హాట్ ఈరె టాషె ఫెర్‌గెస్సెన్.’ అక్కడ నిలబడ్డ అమ్మాయి తన సంచి మరిచిపోయింది అని అర్థం. మొదటి డాస్ తప్పదు, అది మాటకు అంటుకునే ఉంటుంది. రెండో డాస్ ‘నిలబడ్డ’ అనే భాగాన్ని కలిపే మాట. అది కూడా మేట్‌శెన్ పక్కనే ఉంది కాబట్టి నపుంసకమే కావాలి, స్త్రీలింగం వేస్తే తప్పు. కాస్త దూరం వెళ్లాక ‘తన సంచి’ దగ్గర పట్టు సడలుతుంది. నపుంసకంలో ‘జైనె’ అనొచ్చు, స్త్రీలింగంలో ‘ఈరె’ అనొచ్చు, రెండూ చెల్లుతాయి. ఇక తర్వాతి వాక్యంలో ఆమెను ‘ఎస్’ (అది) అనడం కంటే ‘జీ’ (ఆమె) అనడమే చాలామందికి సహజంగా తోస్తుంది. అంటే మూలపదానికి దగ్గరగా ఉన్నప్పుడు తోకదే మాట, దూరమయ్యేకొద్దీ మనిషిదే మాట. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఊయలలోని పాప గురించైతే ‘ఎస్’ సులువుగా నోటికొస్తుంది. కాలేజీకి వెళ్లే యువతి అయితే ‘జీ’ వైపే మొగ్గు. భాషాశాస్త్రజ్ఞులు పరీక్షించి చూసిన విషయమే ఇది.

పాత కథల్లో ఈ రాజీ అంతగా కనిపించదు. గ్రిమ్ సోదరుల ‘రోట్‌కెప్‌శెన్’ తీసుకోండి. ఎర్రటోపీ పిల్ల, అమ్మమ్మ ఇంటికి బయలుదేరితే దారిలో తోడేలు ఎదురవుతుంది. టోపీ డీ కాపె, స్త్రీలింగం. చిన్న టోపీ డాస్ కెప్‌శెన్. ఆ టోపీయే పిల్లకు పేరైంది కాబట్టి పిల్ల కూడా డాస్. కథ మొదటి వాక్యంలో మాత్రం ఆమె స్త్రీలింగమే, ఎందుకంటే అక్కడ వాడిన మాట ‘డిర్నె’. అప్పట్లో దానికి పిల్ల అనే అర్థం. పేరు పెట్టాక ఇక వెనక్కి తిరిగి చూడరు. తోడేలు ఎదురైంది ‘ఆమె’కు కాదు, ‘దాని’కి. పూలు కోసేదీ ‘అదే’, అమ్మమ్మ చెవులు చూసి ఆశ్చర్యపోయేదీ ‘అదే’. జర్మన్ పిల్లలకు ఇందులో వింతేమీ కనిపించదు. అనువదించేవాళ్లకే తలనొప్పి.

ఆ డిర్నె అనే మాట గతి తర్వాత మారిపోయింది. పల్లెపడుచు అనే అర్థం నుంచి పడుపువృత్తి స్త్రీ అనే అర్థానికి దిగజారింది. ఇప్పుడెవరూ ఇంటి పిల్లను అలా అనరు. కానీ బవేరియన్ తోక తగిలిన ‘డిర్న్‌డల్’ పరువు నిలబెట్టుకుంది. దానికి పిల్ల అనే అర్థం చెక్కుచెదరలేదు. మ్యూనిక్ బీరు పండుగ ఫొటోల్లో ఆడవాళ్లు తొడుక్కునే సంప్రదాయ గౌనుకూ అదే పేరు. అది కూడా డాస్. అదే బవేరియాలో పిల్లల పేర్లకు ‘ల్’ చేరినా లింగం చెదరదు. గ్రేటెల్ ‘డీ’గానే, హాన్సెల్ ‘డేర్’గానే ఉంటారు. నియమం రాతి మీద గీత అన్నది ప్రామాణిక భాషకే, మాండలికాలకు కాదు.

అసలు గొడవ జరిగింది ‘ఫ్రొయ్‌లైన్’ అనే మాట మీద. ఫ్రౌ అంటే స్త్రీ, శ్రీమతి. దానికి లైన్ చేరిస్తే ఫ్రొయ్‌లైన్, చిన్న శ్రీమతి, అంటే కుమారి. పుట్టినప్పుడు ఇది చిన్నచూపు మాట కాదు. గొప్పింటి, రాజవంశపు కన్యలకు మాత్రమే దక్కిన బిరుదు. 1808లో వెలువడిన గొయెటె నాటకం ‘ఫౌస్ట్’ మొదటి భాగంలో ఒక చిన్న సన్నివేశం దీనికి సాక్ష్యం. వీధిలో వెళ్తున్న పిల్లను చూసి ఫౌస్ట్ ముచ్చటపడి, ఫ్రొయ్‌లైన్ అని పిలిచి, ఇంటిదాకా తోడొస్తానంటాడు. ఆ పిల్ల తాను ఫ్రొయ్‌లైన్‌నీ కాదు, అందగత్తెనీ కాదు, ఒంటరిగా ఇంటికి వెళ్లడం తనకు తెలుసు అని కొట్టిపారేస్తుంది. ఆమె సామాన్యుల పిల్ల, ఆ బిరుదు తనది కాదని ఆమెకు తెలుసు. పొగడ్తలోని అబద్ధాన్ని వెంటనే పట్టుకుంది. ఆమె పేరు మార్గరేటె. నాటకంలో ముద్దుపేరు ‘గ్రేట్‌శెన్’. ఆమె పేరుకూ తోక తప్పలేదు.

19వ శతాబ్దంలో ఆ బిరుదు మెట్లు దిగింది. మధ్యతరగతి అమ్మాయిలు, తర్వాత గుమాస్తాలు, టెలిఫోన్ ఆపరేటర్లు, దుకాణంలో పనిచేసే పిల్లలు, హోటల్లో వడ్డించేవాళ్లు అందరూ ఫ్రొయ్‌లైన్‌లే అయ్యారు. బడిలో పంతులమ్మను కూడా అలాగే పిలిచేవారు. అందుకు మరో కారణం ఉంది. జర్మనీలో చాలాకాలం పాటు పెళ్లయిన స్త్రీ ఉపాధ్యాయ ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చేది. అంటే పాఠం చెబుతున్న ఆవిడ పెళ్లికానిదేనని లెక్క. ఆవిడకు 60 ఏళ్లు వచ్చినా ‘చిన్న శ్రీమతి’గానే ఉండిపోయేది.

స్త్రీవాదులు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. పెళ్లికాని మగవాణ్ణి ‘హెర్’ అనే అంటారు కదా, చిన్న హెర్ అని ఎవరూ బిరుదివ్వరే? పెళ్లయ్యే దాకా ఆడదానికే ఎందుకు తోక? పైగా ఆ తోక ఆమెను నపుంసకం కూడా చేస్తోంది. పశ్చిమ జర్మనీ కేంద్ర హోంశాఖ 1970ల మొదట్లో ఒక ఉత్తర్వు జారీ చేసి, ప్రభుత్వ వ్యవహారాల్లో వయసొచ్చిన స్త్రీలందరినీ ఫ్రౌ అనే రాయాలని చెప్పింది. అప్పటి మంత్రి హన్స్ డీట్రిశ్ గెన్షెర్. కాగితాల మీద మాట పోయింది, నోళ్ల మీద పోవడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఇవాళ హోటల్లో వడ్డించే ఆవిడను ఫ్రొయ్‌లైన్ అని కేకేస్తే పాతకాలపు మనిషి అనుకోవడం మర్యాదగల ఫలితం, ముఖం చిట్లించుకోవడం మామూలు ఫలితం. ‘ఎంట్‌షుల్డిగుంగ్’ (క్షమించండి) అని పిలవడం నేటి పద్ధతి.

ఫ్రొయ్‌లైన్ పూర్తిగా చచ్చిపోలేదు. ఇంట్లో అల్లరి చేసిన కూతుర్ని తల్లి పిలవబోయే ముందు పేరు వదిలేసి ఫ్రొయ్‌లైన్ అందంటే ఆ పిల్లకు వెంటనే అర్థమవుతుంది, ఇవాళ పని పట్టబోతున్నారని. అచ్చం అలాంటిదే మగవాళ్ల మీద వాడే ‘ఫ్రొయింట్‌శెన్’. ఫ్రొయింట్ అంటే స్నేహితుడు. చిన్న స్నేహితుడు అంటే ఎంత ముద్దుగా ఉండాలి! కానీ రోడ్డు మీద కారు అడ్డంగా పెట్టినవాణ్ణి ఎవరైనా ఫ్రొయింట్‌శెన్ అన్నాడంటే గొడవ మొదలైనట్టే. తెలుగులో ‘ఏం నాయనా, ఒళ్లెలా ఉంది?’ అన్నప్పుడు నాయనాలో ఎంత ప్రేమ ఉంటుందో అందులోనూ అంతే.

శెన్ పరిమాణాన్ని కొలవదు, మాట్లాడేవాడి మనసును కొలుస్తుంది అనడానికి రుజువులు ఇలాంటివి ఎన్నో. సాయంత్రం స్నేహితులు ‘బీర్‌శెన్’ తాగుదామనుకుంటే గ్లాసు చిన్నదవదు, ఎప్పటిలా అర లీటరే వస్తుంది. చిన్నదైంది ఆ పని తాలూకు గంభీరత. మనం ‘ఒక చిన్న టీ కొట్టి వద్దాం’ అంటాం, కప్పు మామూలుదే. ఆఫీసులో కాఫీని ‘కెఫ్‌శెన్’ అనేవాళ్లున్నారు. కొందరికి అది ఆత్మీయంగా ఉంటుంది, కొందరికి చెవిలో పాకం పోసినట్టు ఉంటుంది. రెండో వర్గం సంఖ్య తక్కువేమీ కాదు.

అదే తోక తలకిందులుగా కూడా పనిచేస్తుంది. డబ్బు మొత్తాన్ని ‘జుమ్మె’ అంటారు. ఇల్లు అమ్మినవాడికి ‘జ్యుమ్‌శెన్’ దక్కిందంటే చిల్లర దక్కిందని కాదు, బాగానే ముట్టిందని. మెకానిక్ బానెట్ కింద నుంచి తల పైకెత్తి ఒక ‘ప్రోబ్లేమ్‌శెన్’ ఉంది అన్నాడంటే కారు యజమాని గుండె రాయి చేసుకోవాలి. ‘వేవే’ అంటే పిల్లల భాషలో దెబ్బ, నొప్పి. పెద్దవాళ్లు ప్రతి చిన్న నలతకూ డాక్టరు దగ్గరికి పరుగెత్తితే ఆ జబ్బులను ‘వేవేశెన్’ అంటారు. జబ్బును చిన్నది చేయడం పేరుతో రోగిని చిన్నబుచ్చడం అది. తల్లి కొంగు వదలని మగవాణ్ణి ‘ముట్టర్‌జొన్‌శెన్’, అమ్మగారి బుజ్జికొడుకు అని వెక్కిరిస్తారు. వెక్కిరింపుతో పాటు అతనికి కూడా నపుంసకలింగం ఉచితం.

కుక్కల పెంపకంలో మాత్రం ఈ తోక యజమానులకు తగులుతుంది. కుక్కకు యజమాని ‘హెర్‌శెన్’, యజమానురాలు ‘ఫ్రౌశెన్’. పార్కులో పెద్దమనిషి తన కుక్కతో ‘హెర్‌శెన్ దగ్గరికి రా’ అని తన గురించే అనడం నిత్యం వినిపించే మాట. ఆ రెండు మాటలకూ కుక్క ప్రసక్తి లేని చోట పెద్దగా పని లేదు. ఫ్రౌ అనే ఒకే మాటకు లైన్ తగిలితే పెళ్లికాని స్త్రీ అయింది, శెన్ తగిలితే కుక్క యజమానురాలైంది. అచ్చు కూడా మొదటిదాంట్లో మారింది, రెండోదాంట్లో మారలేదు.

తోక ఉండీ చిన్నతనం పూర్తిగా మరిచిపోయిన మాటలు ఇంకో గుంపు. పొద్దున్నే బేకరీలో కొనే చిన్న రొట్టె ‘బ్రొట్‌శెన్’, కుందేలు ‘కనీన్‌శెన్’, కట్టుకథ ‘మేర్‌శెన్’. ‘కొంచెం’ అనే అర్థంలో రోజుకు వందసార్లు వాడే ‘బిస్‌శెన్’ కూడా అసలు చిన్న ముక్క అనే మాటే. భౌతికశాస్త్రంలో కణం ‘టైల్‌శెన్’, రక్తకణం ‘బ్లూట్‌క్యొర్పర్‌శెన్’. ప్రయోగశాలలో ఎవరూ వీటిని ముద్దుచేయరు. రోడ్డు దాటేవాళ్లకు సిగ్నల్లో కనిపించే టోపీ మనిషి ‘ఆంపెల్‌మెన్‌శెన్’. తూర్పు బెర్లిన్‌లో కార్ల్ పెగ్లావ్ అనే ట్రాఫిక్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1961లో దాన్ని రూపొందించాడు. స్త్రీలింగ, పుంలింగ పదాలను కలిపి రాయడానికి వాడే నక్షత్రం గుర్తుకు కూడా ‘గెండర్‌ష్టెర్న్‌శెన్’ అనే పేరొచ్చింది. లింగ సమానత్వం కోసం పుట్టిన గుర్తు వ్యాకరణంలో నపుంసకమైంది, ఎవరూ పనిగట్టుకుని చేయకపోయినా.

జర్మన్ నేర్చుకునేవాళ్లను మోసగించే మాటలు కూడా ఉన్నాయి. రోట్‌కెప్‌శెన్ అమ్మమ్మ కోసం తీసుకెళ్లిన కేకు ‘కూఖెన్’. రాతలో దాని చివరి నాలుగక్షరాలు అచ్చంగా శెన్‌వే. కానీ అది తోక కాదు, మాటలోనే భాగం. అందుకే అది డేర్ కూఖెన్, పుంలింగం. కూ అంటే ఆవు. దానికి శెన్ చేరిస్తే బుజ్జి ఆవు ‘కూశెన్’ అవుతుంది, అది డాస్. రెండింటినీ విడదీసేది చెవే. గొంతు వెనక నుంచి గరగరమని ‘ఖ’ వస్తే కేకు, మెత్తని ‘శ’ వస్తే ఆవు. ప్రత్యయం శెన్ ఎక్కడ చేరినా, ముందు ఏ అచ్చు ఉన్నా, మెత్తగానే పలుకుతుంది. ‘రౌఖెన్’ (పొగతాగడం), ‘ఫ్రౌశెన్’ రెండింటిలోనూ ముందున్నది ‘ఔ’నే, ధ్వని మాత్రం వేరు.

నియమం తెలిశాక కొత్త విద్యార్థులు ఒక ఉపాయం పన్నుతారు. లింగం గుర్తురాని ప్రతి మాటకూ శెన్ తగిలించి డాస్ అనేస్తే గొడవే ఉండదు కదా అని. వ్యాకరణం ఒప్పుకుంటుంది, మనుషులే ఒప్పుకోరు. బ్యాంకులో ‘పెన్నుబుజ్జి’ ఇమ్మని, ‘సంతకంచిట్టి’ ఎక్కడ పెట్టాలని అడిగే ఖాతాదారును ఊహించుకోండి. పైగా స్వేచ్ఛ, ప్రభుత్వం, ఆరోగ్యం వంటి భావాలను తెలిపే పొడవాటి మాటలకు ఈ తోక అతకదు. కాబట్టి ఉద్యోగానికో చదువుకో జర్మనీ వెళ్లేవాళ్లు చదివేటప్పుడు శెన్, లైన్ కనిపిస్తే ధైర్యంగా డాస్ అనుకోవచ్చు. మాట్లాడేటప్పుడు బిస్‌శెన్, బ్రొట్‌శెన్, మేట్‌శెన్ లాంటి స్థిరపడ్డ మాటలతో సరిపెట్టుకోవాలి. వయసొచ్చిన ఏ స్త్రీనైనా, పెళ్లయినా కాకపోయినా, ఇంటిపేరుకు ముందు ఫ్రౌ చేర్చి పిలవాలి.